ఫీడింగ్ ట్యూబు మీది తెల్ల గీత: ఐసీయూలో ఏళ్లుగా వాడిన నర్సు సమీక్ష

పెద్దల ఐసీయూలో పని చేసే నాకు ఇష్టమైన పరికరం ఏదని అడిగితే వెంటిలేటరో, మానిటరో చెప్పను. ముక్కులోంచి కడుపులోకి వేసే సన్నపు ఫీడింగ్ ట్యూబు పొడవునా ఒక గీత ఉంటుంది, అదీ నా సమాధానం. ఎక్స్‌రేకి అడ్డుపడే పదార్థం కలపడం వల్ల ఆ గీత ఛాతీ ఫిల్మ్‌లో తెల్లగా పడుతుంది. అది లేకపోతే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ఫిల్మ్‌లో ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం. ట్యూబు మందం, పొడవు, ఎన్నాళ్లు ఉంచొచ్చు అన్నవన్నీ ప్యాకెట్ మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ గీతను నేను ఎందుకు ఇంతగా నమ్ముతానో, ఎంతవరకు నమ్ముతానో మాత్రం చెప్తాను.

ఒక రాత్రి డ్యూటీలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు. మింగలేరు, దగ్గు కూడా బాగా తగ్గిపోయింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని చాలాకాలం క్రితమే పేస్‌మేకర్ పెట్టించుకున్నారు. బీపీ పడిపోవడంతో నోరడ్రినలిన్ ఎక్కించడానికి మెడ కుడి పక్కన సెంట్రల్ లైన్ వేశారు. ఆ మందు చేతి నరంలోంచి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ దెబ్బతింటుంది, అందుకే గుండె దగ్గరి పెద్ద సిరలోకి పంపుతారు. ఇక ఆహారం కోసం ముక్కులో ఫీడింగ్ ట్యూబు వేశారు. అంటే ఒకే ఛాతీలో మూడు పరికరాలు. ఒకటి గుండెకి చిన్నపాటి కరెంటు సంకేతం ఇవ్వడానికి, ఒకటి రక్తంలోకి మందు పంపడానికి, ఒకటి కడుపులోకి ఆహారం పంపడానికి.

ట్యూబు వేసేటప్పుడు ఏ ఇబ్బందీ కనపడలేదు. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలిస్తే 55 సెంటీమీటర్లు వచ్చింది, అక్కడిదాకా సాఫీగా దిగింది. ఆయన దగ్గలేదు, ఆక్సిజన్ 97 దగ్గరే నిలబడింది. ట్యూబులోకి సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెడితే గుడగుడమని చప్పుడు కూడా వచ్చింది. సిరంజితో వెనక్కి లాగితే మాత్రం ఏమీ రాలేదు. సన్నపు ట్యూబుల్లో అలా రాకపోవడం మామూలే. గాలి చప్పుడును మాత్రం నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోను. ఊపిరితిత్తి అడుగు భాగంలో గాలి కొట్టినా ఆ చప్పుడు పొట్ట పైభాగం దాకా వినిపిస్తుంది. మెత్తటి ట్యూబు వంగిపోకుండా దాని లోపల ఉండే తీగను అలాగే ఉంచి పోర్టబుల్ ఎక్స్‌రే తీయించాం.

ఫిల్మ్ స్క్రీన్ మీదికి రాగానే పక్కనున్న సహోద్యోగి, "కొన డయాఫ్రం కిందే ఉంది సిస్టర్, ఫీడ్ మొదలెట్టేద్దామా?" అంది. చూడ్డానికి నిజంగానే అలాగే ఉంది. డయాఫ్రం అంటే ఛాతీనీ పొట్టనీ వేరుచేసే కండరం. ఎడమ వైపు దాని గుమ్మటం కింద, కడుపు ఉండాల్సిన చోటే తెల్లటి కొన కనిపిస్తోంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

నేను కొన దగ్గర మొదలుపెట్టను. గొంతు దగ్గర మొదలుపెట్టి, స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో గీతనూ చివరిదాకా వెంబడిస్తాను. ముందు పక్కన పెట్టాల్సింది పేస్‌మేకర్ తీగల్ని. ఎడమ కాలర్ ఎముక కింద బిళ్లలా పెట్టె కనిపిస్తుంది. దాన్నుంచి రెండు తీగలు సిరలోంచి వెన్నెముకకు కుడి పక్కకు వెళ్లి కిందికి దిగుతాయి. ఒకటి గుండె కుడి పై గదిలో కొక్కెంలా పైకి వంగి ఆగుతుంది. రెండోది వెన్నెముకను దాటి ఎడమకు వచ్చి, కుడి కింది గది కొసన, డయాఫ్రంకి కాస్త పైన ఆగుతుంది. ఆ రాత్రి ఈ రెండో తీగ కొనా ట్యూబు కొనా పక్కపక్కనే పడ్డాయి, గందరగోళం అక్కడే. తర్వాత సెంట్రల్ లైన్. కుడి మెడలోంచి దాదాపు నిట్టనిలువుగా దిగి, శ్వాసనాళం రెండుగా చీలే చోటుకి, అంటే కెరైనాకి, కాస్త దిగువన ఆగింది. పెద్ద సిర కుడి పై గదిలో కలిసే దరిదాపుల్లో దాని కొన ఉండాలి, ఉంది.

మిగిలింది ట్యూబు. అన్నవాహిక శ్వాసనాళం వెనకే మధ్యలో దిగుతుంది కాబట్టి, సరిగ్గా పడ్డ ట్యూబు కెరైనాను నిలువునా చీల్చుకుంటూ వెళ్లాలి. ఎటూ తిరగకుండా మధ్యలోనే దిగి, డయాఫ్రం దాటాక ఎడమకు తిరగాలి. ఈ ట్యూబు కెరైనా దగ్గరే ఎడమకు మళ్లింది. ఎడమ శ్వాసనాళం వంపు ఎలా ఉందో అలాగే వంగి, గుండె నీడ వెనకగా కిందికి దిగింది. అంటే ట్యూబు ఉన్నది కడుపులో కాదు, ఎడమ ఊపిరితిత్తిలో.

మరి కొన డయాఫ్రం కింద ఎలా కనిపించింది? డయాఫ్రం బల్లపరుపు గోడ కాదు, గుమ్మటం. ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో మనకు కనిపించే గీత ఆ గుమ్మటం పైఅంచు మాత్రమే. దాని వెనక, వీపు వైపు, ఊపిరితిత్తి ఇంకా కిందికి జారి ఉంటుంది. కొన ఆ వెనక భాగంలోకి వెళ్తే, ఫిల్మ్‌లో మాత్రం గుమ్మటం కింద ఉన్నట్టే పడుతుంది. అందుకే "డయాఫ్రం కింద ఉంది" అన్న ఒక్క మాట మీద నేను ఫీడ్ మొదలుపెట్టను. కెరైనా దగ్గర దారి తప్పిన ట్యూబు ఎంత కిందికి దిగినా తప్పిందే.

ఫీడ్ మొదలుపెట్టకుండా డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాం. ఆయన ఫిల్మ్ చూసి వెంటనే తీసేయమన్నారు. తీసేశాం కదా అని ఊరుకోలేదు. ముక్కు నుంచి కెరైనాకి సుమారు 30 సెంటీమీటర్లు. 55 లోపలికి పోయిందంటే కొన ఊపిరితిత్తి అంచుదాకా వెళ్లి ఉంటుంది. తీగ ఉన్న సన్నపు ట్యూబు అక్కడ పొరను చీల్చగలదు. ట్యూబు ఉన్నంతసేపు అదే ఆ కన్నాన్ని మూసి ఉంచి, తీశాక గాలి బయటికి చేరి ఊపిరితిత్తి కుంచించుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆయన్ని వీలైనంత కూర్చోబెట్టి కొంతసేపటికి ఇంకో ఎక్స్‌రే తీశారు. గాలి ఏమీ చేరలేదు. తెల్లవారాక రెండోసారి వేసిన ట్యూబు కెరైనాను మధ్యలో దాటి, డయాఫ్రం కింద ఎడమకు తిరిగి, కడుపులో బాగా లోపలికి వెళ్లి ఆగింది. అప్పుడే తీగ లాగి ఫీడ్ మొదలుపెట్టాం. ఒకసారి లాగిన తీగను, ట్యూబు మనిషి లోపల ఉండగా మళ్లీ దూర్చకూడదు. ట్యూబు పక్క కన్నంలోంచి బయటికొచ్చి పేగును పొడిచే ప్రమాదం ఉంది.

ఆ రాత్రి తర్వాత మా యూనిట్‌లో దగ్గు లేనివాళ్లకి పద్ధతి మారింది. 35 సెంటీమీటర్ల దగ్గర ఆపి ఒక ఫిల్మ్ తీస్తారు. అప్పటికే కెరైనా దాటి మధ్యలో ఉంటే మిగతాది దించుతారు, పక్కకు మళ్లితే ఊపిరితిత్తి అంచుకు చేరకముందే తీసేస్తారు. రెండు ఎక్స్‌రేలు అవుతాయి, ఆలస్యమూ అవుతుంది. ఆ పెద్దాయన లాంటివాళ్ల విషయంలో నాకు అది అభ్యంతరం కాదు.

గీతను ఇంతగా మెచ్చుకున్నాను కానీ దానికీ హద్దులున్నాయి. ఎక్స్‌రే తీసిన ఆ క్షణానికే అది సాక్షి. గంట తర్వాత వాంతయినా, గట్టిగా దగ్గినా, మంచం మార్చేటప్పుడు లాగినా ట్యూబు జరగొచ్చు. అందుకే ముక్కు దగ్గర ఏ అంకె ఉందో రాసిపెట్టుకుని, ప్రతి ఫీడ్‌కి ముందు, ప్రతి షిఫ్టులో చూస్తాను. కడుపు నీళ్లు వస్తే పీహెచ్ కాగితం మీద 5.5 లేదా అంతకంటే తక్కువ చూపించాలి. అలా చూపిస్తే చాలాసార్లు ఎక్స్‌రే అక్కర్లేదు కూడా. నీళ్లు రానప్పుడు, లేదా ఎసిడిటీ మందుల వల్ల అంకె ఎక్కువ వచ్చినప్పుడు ఎక్స్‌రే వైపు వెళ్తాం. పైగా ఊపిరితిత్తుల కోసం తీసే మామూలు ఫిల్మ్‌లో పొట్ట పైభాగం తెగిపోతుంటుంది. రిక్వెస్టులో "ట్యూబు కొన కోసం" అని రాయకపోతే కొన కనపడని ఫిల్మ్ చేతికొస్తుంది. ఈసీజీ వైర్లు ఛాతీ మీదే వదిలేసి తీస్తే అవీ తెల్లగీతలై అడ్డుపడతాయి, ముందే పక్కకు జరపాలి.

మిగతా రెండింటి విషయంలో ఎక్స్‌రే మీద నా నమ్మకం ఇంకాస్త తక్కువ. సెంట్రల్ లైన్ ఎక్కడుందో చెప్తుంది, వేసేటప్పుడు ఊపిరితిత్తికి గుచ్చుకుందేమో చాలావరకు చెప్తుంది. కానీ అది సిరలో ఉందా, పక్కనే ఉన్న ధమనిలో ఉందా అన్నది ఫిల్మ్ ఒక్కటే చూసి తేల్చలేం, ప్రెషర్ తరంగమో రక్త పరీక్షో కావాలి. పేస్‌మేకర్ తీగ విరిగినా, చోటు మారినా పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తే తెలియొచ్చు. మెడలో లైన్ వేసేటప్పుడు గైడ్‌వైర్ తగిలి, ఈమధ్యే పెట్టిన తీగలు కదిలే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ పోలిక నేను తప్పకుండా అడుగుతాను. తీగ ఉన్నచోట ఉన్నా పేస్‌మేకర్ పని చేస్తోందా లేదా అన్నది మాత్రం ఈసీజీ, ఆ పరికరాన్ని చదివే యంత్రం చెప్పాల్సిందే.

కాబట్టి నా సిఫారసు నా పరిస్థితులకు తగ్గట్టే ఉంటుంది. మా దగ్గర రాత్రి కూడా పోర్టబుల్ మిషన్ మంచం దగ్గరికి వస్తుంది, ఫిల్మ్ చదివే డాక్టరు ఫోన్ ఎత్తుతారు. ఈ రెండూ ఉంటే సన్నపు ట్యూబే వేయమంటాను, ముక్కూ గొంతూ ఒరుసుకోవు, రోగికి సుఖం. ఎక్స్‌రే తెల్లారేదాకా రాని చోట, రోగికి దగ్గు కూడా లేకపోతే, కొన్ని రోజుల అవసరానికి కాస్త లావు ట్యూబే మేలనుకుంటాను. దాన్నుంచి కడుపు నీళ్లు తేలిగ్గా వస్తాయి, పీహెచ్ చూసుకోవచ్చు. పసిపిల్లల వార్డులో నేను పని చేయలేదు. అక్కడి కొలతలు, లైన్లు వేరు కాబట్టి నేను చెప్పిన అంకెలు వాళ్లకి వాడొద్దు.