నాలుగున్నరేళ్లు వాడిన సురక్షా ట్యూబు, అసలు దోషి అయిన వాషరు

విజయవాడ సత్యనారాయణపురంలోని మా వంటింట్లో గ్యాసు బండనుంచి పొయ్యికి నారింజరంగు సురక్షా ట్యూబును నాలుగున్నరేళ్లుగా వాడుతున్నాము. ఇనుప తీగల అల్లిక లోపల ఉండటం వల్ల పాత ఆకుపచ్చ రబ్బరు ట్యూబులా ఇది నొక్కుకుపోలేదు, ఎలుక కూడా కొరకలేదు. అయినా గత మే నెలలో ఒక తెల్లవారుజామున వంటింటి తలుపు తీయగానే గ్యాసు వాసన గుప్పుమంది.

ముందురోజు సాయంత్రమే కొత్త బండ పెట్టాము. లైటు స్విచ్చి జోలికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికీ పోకుండా చీకట్లోనే రెగ్యులేటరు ఆపి, బాల్కనీ తలుపు బార్లా తీశాను. గ్యాసు గాలికంటే బరువైనది కనుక నేలమీద పరుచుకుంటుంది. గట్టు పైనున్న కిటికీ ఒక్కటే తెరిస్తే అది పూర్తిగా బయటికి పోదు. ఏసీ చల్లదనం పోతుందని రాత్రంతా ఆ తలుపులన్నీ బిగించి ఉంచినది మేమే.

రెగ్యులేటరు ఆపాక వాసన క్రమంగా తగ్గింది. ఆపినా తగ్గకుంటే బండ వాల్వు లోపలి పిన్నే కారుతోందని అర్థం. అప్పుడు రెగ్యులేటరు తీసి, తాడుతో వేలాడే ప్లాస్టిక్ మూత బిగించి, బయటినుంచి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి. మా విషయంలో ఆ అవసరం రాలేదు.

బండ తెచ్చిన కుర్రవాడు ఫోనులో చెప్పిన మాట, "ట్యూబు పాతదైపోయిందండీ, మార్చేయండి" అని. నాకు నమ్మకం కుదరలేదు. వాసన పూర్తిగా పోయాక పొయ్యి నాబులన్నీ మూసి, రెగ్యులేటరు మాత్రం తెరిచి, గిన్నెలు తోమే సబ్బు నురుగును బ్రష్షుతో పూశాను. ట్యూబు పొడవునా, పొయ్యి చివరన, రెగ్యులేటరు చివరన ఏమీ లేదు. రెగ్యులేటరు బండమీద కూర్చునే చోట మాత్రం ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. వెంటనే ఆపి, రెగ్యులేటరు ఊడదీసి, టార్చిని బయటే వెలిగించి తెచ్చి చూస్తే వాల్వు నోట్లోని నల్ల రబ్బరు వాషరు ఒకపక్క చీలి ఉంది. మెకానిక్కు వచ్చి దాన్ని మార్చి, మళ్లీ నురుగు పూసి చూపించాడు. అగ్గిపుల్లతో పరీక్షించే ఘనులు మా వీధిలో ఇంకా ఉన్నారు.

అప్పటినుంచి బండ మార్చిన ప్రతిసారీ మూత తీయగానే ఆ వాషరు ఉందా, చీలిందా అని చూసి, తరువాతే రెగ్యులేటరు పెడుతున్నాము. ట్యూబుపై నాకు ఫిర్యాదు లేదు, కానీ పొయ్యి గొట్టానికి తొడిగిన చివర గట్టిపడి, వంచితే సన్నని గీతలు కనిపిస్తున్నాయి. దానిపై అచ్చువేసిన 5 ఏళ్ల గడువుకు ఇంకా ఆరునెలలున్నా, ఈ వారంలోనే మారుస్తున్నాను. కొత్తది కూడా ఒకటిన్నర మీటరే తీసుకుంటాను. పొడవైన ట్యూబును గట్టు వెనుక చుట్టి దాచితే సబ్బు నురుగు పూయడానికి చెయ్యి పట్టదు.