ముందే చెప్పాలా, మధ్యలో సర్దాలా, ఎదురుగా అడగాలా? గోదావరి అబ్బాయి, జగిత్యాల అమ్మాయి కాపురంలో ఏది మేలు

మాది అమలాపురం దగ్గర ఊరు, మా ఆవిడది జగిత్యాల వైపు. ఇద్దరిదీ తెలుగే. అందుకే పెళ్లికి ముందు భాష గురించి ఎవరికీ టెన్షన్ లేదు. అసలు చిక్కు అక్కడే ఉందని తర్వాత తెలిసింది.

మధురై అమ్మాయిని చేసుకున్న స్నేహితుడొకడు ఉన్నాడు. కొత్తలో పొంగల్‌కి రావడానికి టికెట్లు తీసుకోమంటారా అని అత్తగారిని ఫోన్లో అడిగితే ఆవిడ "అవసరం ఇల్లై" అందట. తెలుగులో అవసరమంటే కావాల్సి రావడం, తమిళంలో తొందర. తొందరేం లేదు, తర్వాత తీసుకోవచ్చని ఆవిడ చెబితే, రానక్కర్లేదని వీడు నొచ్చుకున్నాడు. భార్య ఒక్క ఫోన్‌ చేసింది, విషయం తేలిపోయింది. పరాయి భాష కాబట్టి మాట మీద అనుమానం వచ్చింది. ఒకే భాష అయితే మాటను ఎవరూ అనుమానించరు, నేరుగా మనిషినే అనుమానిస్తారు.

మా ఇంట్లో నాన్నగారిని మేమంతా "మీరు" అంటాం. జగిత్యాలలో మా ఆవిడ వాళ్ల నాన్నను "నువ్వు తిన్నవా నాన్నా" అంటుంది. అక్కడ ఇంట్లో పెద్దల్ని "నువ్వు" అనడం దగ్గరితనం. (ఆ మాటకొస్తే మా కోస్తాలోనూ అలా పిలిచే ఇళ్లు బోలెడు, మా అమ్మ ఆ సంగతి ఒప్పుకోదు.) పెళ్లయిన నెలకే మా నాన్నగారిని "మామా, నువ్వు గోలీ ఏసుకున్నవా" అని అడిగింది. బీపీ మాత్ర సంగతి ఇంట్లో గుర్తుపెట్టుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే. అమ్మకు మాత్రం ఆ "నువ్వు" ఒక్కటే వినిపించింది.

అటు నుంచి ఇటు కూడా అంతే. ఓ ఆదివారం ఆమె కాస్త ఆలస్యంగా లేస్తే నాన్నగారు పేపర్ దించి, "కోడలుగారు లేచారా అండీ? సూర్యుడు తమరి కోసమే ఆగాడు పాపం" అన్నారు. మా వైపు ఇది ముద్దు. తన వాళ్లింట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లను "గారు" అన్నారంటే మనసు విరిగిందని అర్థం. గదిలోకి వచ్చి, "మామకు నా మీద ఏం కోపం? అంత దూరం పెట్టి మాట్లాడిండు" అంది.

ఇలాంటప్పుడు చేయగలిగినవి మూడు. మూడూ మా ఇంట్లో చేసి చూశాం.

మొదట చేసింది మధ్యవర్తిత్వం. మొగుళ్లందరికీ ముందు తోచేది అదే. నాన్నగారి దగ్గరికి వెళ్లి, "తనతో వెటకారం వద్దండీ, బాధపడుతోంది" అన్నాను. ఆయన మంచివారు కాబట్టి మానేశారు. ఎంతగా మానేశారంటే, రెండు నెలలు కోడలితో "కాఫీ అయిందా అమ్మా", "బండి తాళం ఎక్కడుంది" తప్ప వేరే మాట లేదు. కోపం నిజమేనని మా ఆవిడ ఖాయం చేసుకుంది. కొడుకుతో ఫిర్యాదు చేయించిందని నాన్నగారు అనుకున్నారు. ఇద్దరి మాటా నా నోటి నుంచి వెళ్లింది, ఇద్దరి గొంతూ అందులో లేదు. హాస్యంలో అర్థమంతా గొంతులోనే ఉంటుంది. దాన్ని మూడో మనిషి మోసుకెళ్తే చేరేది ఫిర్యాదే.

రెండోది ముందే చెప్పి ఉంచడం. ఇది ఆచారాలకు బాగా పనిచేస్తుంది. చెప్పక చెడింది మొదటి దసరాకి. వాళ్లకు దసరా అంటే పెద్ద పండగ. సద్దుల బతుకమ్మ అయ్యాక అల్లుడు, వియ్యాలవారు ఇంటికొస్తే యాట కోయాల్సిందే. మా అమ్మ నవరాత్రులు పడుతుంది, దశమి పూజ సాయంత్రం ముగిసేదాకా నీసు ముట్టదు. మధ్యాహ్నం విస్తట్లో మటన్ వడ్డిస్తే, ఏమీ అనలేక "ఆకలి లేదండీ" అంది. ఆ "ఆకలి లేదు" జగిత్యాలలో "మా ఇంట్ల ముద్ద ముట్టలే" అయింది. మూడు రోజుల ముందు "అమ్మ పూజలో ఉంటుంది, పప్పు, పచ్చిపులుసు చాలు, మాకు మాత్రం యాట కావాల్సిందే" అని నేనొక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. రెండో ఏడు చేశాను. ఆమె కోసం వేరే గిన్నెలో వండి పెట్టారు, దాని గురించి ఇప్పటికీ మురుస్తుంది అమ్మ.

పండక్కి తేదీ ఉంది కాబట్టి ముందు ఫోన్ చేయగలిగాను. జోకుకు తేదీ ఉండదు. "మా నాన్నగారు వెటకారం చేస్తారు, పట్టించుకోకు" అని పెళ్లికి ముందే చెప్పాను, ఏం లాభం లేకపోయింది. పైగా అందులో ఓ ప్రమాదం ఉంది. "మావాళ్లు అంతే, పట్టించుకోకు" అన్నామంటే, నిజంగా నొప్పించే మాట వచ్చినా నోరెత్తొద్దని ముందే సంతకం పెట్టించుకున్నట్టు.

మూడోది ఆ మనిషినే అడగడం. ఇది నా సలహా కాదు, విసిగిపోయి మా ఆవిడే చేసింది. నాన్నగారు ఒక్కరే మొక్కలకు నీళ్లు పోస్తున్నప్పుడు వెళ్లి, "మామా, ఆ రోజు సూర్యుడని నవ్వులాటకు అన్నవా, కోపానికా?" అంది. ఆయన మగ్గు కింద పెట్టి, "కోపమొస్తే నేను మాట్లాడనమ్మా, వెటకారం ఎందుకు ఆడతాను?" అన్నారు. రెండు నెలల్లో నేను చెప్పలేకపోయిన గుర్తు ఆ ఒక్క వాక్యంలో దొరికింది. ఈయన దగ్గర జోకు ఆగితే భయపడాలి, జోకు వస్తే కాదు. వాళ్లింట్లో సంగతి వేరు. గొంతు పెంచి లొల్లి చేస్తున్నంతసేపూ అక్కడ అంతా బాగున్నట్టే.

అందుకని నా లెక్క ఇది: ఆచారానికి ముందు మాట, జోకుకు ఎదురు ప్రశ్న. మధ్యవర్తిని ఆఖరికి ఉంచుకోవాలి. అయితే అడగడానికీ పద్ధతుంది. నలుగురిలో అడిగితే నిలదీసినట్టే, ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక మాట గురించే అడగాలి. జవాబును బట్టి మనిషి తెలిసిపోతాడు. సరదాకు అన్నవాడు వివరిస్తాడు, లేదా తన మీద తనే నవ్వుకుంటాడు. ఎత్తిపొడుపుకు అన్నవాడు "నిజం చెబితే ఉలుకెందుకు" అంటాడు. పెట్టుపోతల మీద, ఒంటి రంగు మీద, పుట్టింటి తిండి మీద మాటలు పదేపదే వస్తుంటే అది యాస తేడా కాదు, దాన్ని అపార్థమని సర్దకూడదు. కొడుకు నోరు విప్పాల్సింది అప్పుడు. అది కూడా "తను బాధపడుతోంది" అని కాదు, "నాకు నచ్చలేదు" అని. మొదటిది కోడలి మీద నేరం వేస్తుంది. నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

మా ఆవిడకు అత్తను నేరుగా అడగడం ఇంత తేలిక కాలేదు. నాలుగేళ్లయింది. "నువ్వు" విన్నప్పుడల్లా అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ కూర కలుపుతుంది. మా ఆవిడ అప్పుడప్పుడు "మీరు" అని మొదలుపెట్టి, మాట సగంలో "నువ్వు"లోకి జారిపోతుంది.