మూడేళ్లలో పద్నాలుగుసార్లు దిగిన హోమ్‌స్టే: మొదటి అరగంట గురించి

మొదటిసారి దిగి వచ్చిన రోజే రాసి ఉంటే అయిదుకి అయిదు నక్షత్రాలు ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు నాలుగే ఇస్తున్నాను, ఆ ఒక్కటి ఎక్కడ తగ్గిందో కింద చెప్తాను. పని మీద రెండు మూడు నెలలకోసారి ఆ ఊరు వెళ్లాల్సి వస్తుంది, ఒక్కదాన్నే వెళ్తాను, ప్రతిసారీ ఆ ఇంట్లోనే దిగుతాను. గది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శుభ్రంగా ఉంటుంది, కిటికీ తలుపు సరిగ్గా పడుతుంది, అంతే. నన్ను మళ్లీ మళ్లీ రప్పించింది గేటు తీసిన దగ్గర్నుంచి గది తలుపు వేసుకునేదాకా నడిచే అరగంట.

అసలు ఆ అరగంట ముందురోజే మొదలవుతుంది. "ఎన్నింటికి, దేంట్లో వస్తున్నారు?" అని ఇంటావిడ మెసేజ్ పెడుతుంది. దాంతోపాటు గేటు ఫొటోలు రెండు పంపుతుంది, ఒకటి పగలు తీసింది, ఒకటి రాత్రి తీసింది. రాత్రి ఫొటో ఎందుకో మొదట్లో నాకు అర్థం కాలేదు. చీకట్లో బ్యాగు మోసుకుంటూ, ఒకేలా ఉన్న నాలుగు గేట్ల ముందు నిలబడ్డ రోజున అర్థమైంది.

బస్సు దిగి ఫోన్ చెయ్యగానే ఆవిడ గీజర్ వేస్తుంది. పదిహేను లీటర్ల ట్యాంకు కాబట్టి నీళ్లు స్నానానికి పనికొచ్చేంత వేడెక్కడానికి ఇంచుమించు పావుగంట పడుతుంది. నేను నడిచి వచ్చి, మంచినీళ్లు తాగి, టీ ముగించేసరికి వేణ్నీళ్లు సిద్ధంగా ఉంటాయి. నేను దిగిన చాలా ఇళ్లలో వరస తలకిందులుగా ఉంటుంది. ముందు టీ, తర్వాత ఇల్లంతా చూపించడం, ఆ తర్వాత "అయ్యో, గీజర్ వెయ్యలేదే, ఒక్క పావుగంట ఆగండి" అనడం. చెమటబట్టలతో మంచం మీద కూర్చోలేక ఆ పావుగంట నిలబడే గడపాలి.

టీ దగ్గర ఆవిడ అడిగేది ఒక్కటే: "ఇప్పుడే తాగుతారా, స్నానం చేసొచ్చి తాగుతారా?" పాలు, చక్కెర విడిగా పెడుతుంది. రాత్రి తొమ్మిది దాటి చేరితే మాత్రం ఇంకో మాట కలుపుతుంది, "టీ తాగితే నిద్ర పడుతుందా మీకు?" అని. అది ఊరికే అనే మాట కాదు. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, పొద్దున్నే పని ఉన్నవాళ్లకి ఆ రాత్రి టీ ఖరీదు నిద్రే. నేను వేడి పాలు అడుగుతాను. ఏమీ వద్దన్నా ఆవిడ రెండోసారి బలవంతం చెయ్యదు. మర్యాద పేరుతో మూడు కప్పులు తాగించే ఇళ్లలో కూడా ఉన్నాను, ఆ తేడా నాకు బాగా తెలుసు.

గుర్తింపు కార్డు గుమ్మంలో అడగదు. కూర్చున్నాక అడుగుతుంది, నా ఎదురుగానే రిజిస్టర్లో రాసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చేస్తుంది. కార్డు తన దగ్గర ఉంచుకోదు. ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్లు ఇది తప్పక గమనించండి.

ఇక సమాచారం. దాన్ని ఆవిడ రెండు విడతల్లో ఇస్తుంది, ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వచ్చిన వెంటనే ఆ రాత్రికి కావలసినవే చెప్తుంది: గీజర్ స్విచ్ ఏది, గది గడియ ఎలా పడుతుంది, తాగే నీళ్లు ఎక్కడున్నాయి, అర్ధరాత్రి అవసరమైతే ఏ తలుపు తట్టాలి. గడియ మాత్రం నోటితో చెప్పి వదిలెయ్యదు, నా చేత ఒకసారి వేయించి, తీయించి చూస్తుంది. చూడాల్సిన చోట్లు, దుకాణాలు, బస్సుల ఊసు అప్పుడు ఎత్తదు. ఎనిమిది గంటలు బస్సులో కుదిపి దించిన మనిషి చెవికి అవి ఎక్కవని ఆవిడకి తెలుసు. కాస్త తేరుకుని బయటికొచ్చాక అడుగుతుంది, "రేపు ఎన్నింటికి, ఎటువైపు వెళ్లాలి?" అని. నా జవాబుని బట్టి ఆ దారి వరకే చెప్తుంది. ఏ మలుపు దగ్గర రాత్రిపూట లైటు ఉండదో, తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికో ఒక కాగితం మీద రాసిస్తుంది.

ఆ కాగితం ఒకసారి నన్ను ముంచింది. రాత్రి 9.40కి తడిసి చేరాను, మర్నాడు ఎనిమిదింటికల్లా పనిలో ఉండాలి. 7.10 బస్సు పట్టుకోమని రాసిచ్చింది. నేను ఏడింటికే వెళ్లి నిలబడ్డాను. ఆ బస్సు అంతకు పదిరోజుల ముందే 6.50కి మారిందట. ముప్పావుగంట ఆలస్యమైంది, పనిలో మాట పడ్డాను. సాయంత్రం వచ్చి కాస్త గట్టిగానే చెప్పాను. ఆవిడ సాకులేమీ చెప్పలేదు. అడిగితే తేలిందేమిటంటే, ఆ వేళలు ఆవిడ ఎప్పుడో కనుక్కుని గుర్తుపెట్టుకున్నవి. ఆ ఇంట్లోవాళ్లు బస్సెక్కి చాలా కాలమైంది. తర్వాతిసారి నుంచి ప్రతి వేళ పక్కన, దాన్ని చివరిసారి ఎప్పుడు కనుక్కుందో ఆ తేదీ రాస్తోంది. తేదీ పాతదైతే నేనే బస్టాండులో ఇంకోసారి అడిగి చూసుకుంటాను. ఇప్పుడు ఏ ఇంట్లో దిగినా నేను వేసే మొదటి ప్రశ్న, "ఇది మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

కారు కావాలంటే ఒక డ్రైవర్ నంబరు ఇస్తూ, "ఇతను మా తమ్ముడే, ఇంకొకరినీ అడిగి చూసుకోండి" అంటుంది. ఆ ఒక్క ముక్క చెప్పడం వల్లే నేను చాలాసార్లు ఆ తమ్ముణ్ణే పిలిచాను.

తగ్గిన నక్షత్రం సంగతికి వస్తాను. ఆవిడ ఇంట్లో లేనప్పుడు బంధువు ఒకాయన చూసుకుంటాడు. నాకు రెండుసార్లు తగిలాడు. చక్కెర కలిపేసిన టీ చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని, ఊళ్లో చూడాల్సినవన్నీ ఏకరువు పెట్టాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నేను బ్యాగు భుజాన వేసుకునే ఉన్నాను, అది కూడా ఆయన కంట పడలేదు. గడియ చూపించలేదు. అదే డ్రైవర్‌ని సిఫారసు చేశాడు గానీ చుట్టరికం సంగతి ఎత్తలేదు. ఆవిడ పద్ధతంతా ఆవిడ తలలోనే ఉంది, ఇంకొకరికి నేర్పినట్టు లేదు. అందుకే బుక్ చేసేముందు ఆవిడ ఉంటుందో లేదో కనుక్కోండి.

తెల్లవారుజామున చేరేవాళ్లకి ఇంకో మాట. గది మధ్యాహ్నానికి గానీ ఖాళీ కాదు. ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పేస్తుంది. అప్పటిదాకా ముందుగది, స్నానాల గది వాడుకోమంటుంది, సామాను లోపల పెట్టి తాళం వేస్తుంది. అయితే పన్నెండున్నరకి ఇస్తానన్న గది ఒకసారి రెండయినా రాలేదు. గంటన్నర ఎక్కువే పడుతుందనుకుని వెళ్లండి.

ఈమధ్య పద్నాలుగోసారి వెళ్లినప్పుడు నాకు గది చూపించలేదు. "మీకు తెలియందేముంది" అని నవ్వి తాళంచెవి ఇచ్చేసింది. నేనూ నవ్వాను. నేను ఫోన్ చెయ్యడం మర్చిపోయి నేరుగా వచ్చేశాను కాబట్టి గీజర్ నేనే వేసుకోవాలి. ఎప్పటి స్విచ్చే వేసి పావుగంట ఆగి కొళాయి తిప్పితే చన్నీళ్లే వచ్చాయి. నెల క్రితమే వైరింగ్ మార్చారట, ఆ స్విచ్ ఇప్పుడు బయటి లైటుది. మర్నాడు చూస్తే రెండు స్విచ్చుల మీదా కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి.