నొప్పి తగ్గిందని సంబరపడ్డాను: జారిన డిస్క్‌తో మూడేళ్లు

నడుములో నరం నలిగి కాల్లోకి పాకే సయాటికా మీద నా కోపం నొప్పి పెట్టినందుకు కాదు, తగ్గినట్టే తగ్గి మోసం చేసినందుకు. మూడేళ్ల కింద నడుము అడుగున ఎల్5-ఎస్1 అనే వెన్నెముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి ఎడమ కాలు పట్టుకుంది. తొమ్మిదో వారంలో నొప్పి సగానికి పైగా తగ్గేసరికి, కనపడిన వాళ్లందరికీ "ఆపరేషన్ జోలికి పోకండి, ఓపిక పడితే అదే సర్దుకుంటుంది" అని చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాట చాలామంది విషయంలో నిజమే. నా విషయంలో మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే కాలి బలం పోతోంది. నాకు తెలియలేదు.

మొదలు అందరికీ తెలిసిన కథే. వంగి బరువు ఎత్తాను, నడుము పట్టేసింది. నాలుగు రోజులకి నడుము నొప్పి తగ్గింది కానీ పిరుదు నుంచి తొడ వెనక భాగం మీదుగా పిక్కలోకి, అక్కణ్ణుంచి చిటికెన వేలి దాకా ఒక తీగ లాగినట్టు మొదలైంది. తుమ్ము వస్తుందంటే గోడ పట్టుకునేవాణ్ణి. కూర్చుంటే పది నిమిషాలు. నడుమేమో హాయిగా ఉంది! నడుములో జబ్బు ఉండి కాలు ఏడవడమేమిటని నాకు అప్పట్లో అర్థం కాలేదు.

మొదట చూసిన డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమ కాలు పైకి ఎత్తారు. 35 డిగ్రీలైనా రాకముందే పిక్క దాకా జివ్వుమంది. కాలు ఎత్తితే నరం కిందికి సాగుతుంది. దారిలో డిస్క్ ముక్క అడ్డుగా ఉంటే నరం దాని మీద ఒరుసుకుని బిగుసుకుంటుంది. ఎల్5-ఎస్1 డిస్క్ వెనక్కి, కాస్త పక్కకి జారితే సాధారణంగా నొక్కేది దాని పక్కగా కిందికి పోతున్న ఎస్1 నరం మొదలుని. ఆ నరం పని చేసేది పిక్కలో, అరికాల్లో, చిటికెన వేలి వైపు. తీగని మొదట్లో గిల్లినా, ఆ కబురు చివర్నుంచి వచ్చిందనే మెదడు అనుకుంటుంది. అందుకే నాకు నొప్పి పిక్కలో. ఒక మెట్టు పైనున్న డిస్క్ జారితే ఎక్కువగా ఎల్5 నరం దొరుకుతుంది. అప్పుడు నొప్పి కాలి బయటి పక్కగా దిగి పాదం పైభాగానికి వస్తుంది, బొటనవేలు పైకి లేపడం కష్టమవుతుంది. వేలు చూసి ఏ డిస్కో దాదాపుగా చెప్పేస్తారు. ఎమ్మారై దాన్ని ఖాయం చేయడానికి.

ఇక్కడ నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. నా కథంతా దాని మీదే నడిచింది. నరాన్ని నొక్కినంత మాత్రాన నొప్పి రాదు. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది, మొద్దుబారుతుంది, అంతేగా? ఆరోగ్యంగా ఉన్న నరం మీద ఒత్తిడి పడితే జరిగేది అదే. 1990ల మొదట్లో కొందరు సర్జన్లు మత్తు పూర్తిగా ఇవ్వకుండా, చోటు మాత్రం మొద్దుబార్చి ఆపరేషన్ చేస్తూ లోపల ఒక్కో భాగాన్నీ తాకి చూశారు. అప్పటికే నలిగి వాచిన నరాన్ని తాకితేనే రోగికి తన కాలి నొప్పి వచ్చింది. మామూలు నరాన్ని తాకితే రాలేదు. డిస్క్ లోపలి గుజ్జు బయటికి వస్తే ఒంటికి అది పరాయి వస్తువులా కనిపించి చుట్టూ వాపు, మంట పుడతాయి. నొప్పి పెట్టించేది ఎక్కువగా ఆ మంట. మొద్దుబార్చేది, బలం తీసేది ఎక్కువగా ఒత్తిడి. రెండూ ఒకే వేగంతో తగ్గాలని రూలేమీ లేదు.

నా విషయంలో మంట చల్లారింది. ఒత్తిడి అలాగే ఉండిపోయింది.

తొమ్మిదో వారం చివర ఒక సాయంత్రం పై అరలో ఉన్న పెట్టె కోసం మునివేళ్ల మీద లేచాను. కుడి మడమ లేచింది, ఎడమది లేవలేదు. ఒళ్లు ఎడమ పక్కకి ఒరిగిపోయి అర పట్టుకుని నిలబడ్డాను. జారానేమో అనుకున్నాను. మళ్లీ లేచాను. మళ్లీ అంతే. అప్పుడు గోడకి ఒక వేలు ఆనించి, ఒక్క కాలి మీద నిలబడి మడమ ఎత్తుతూ లెక్కపెట్టాను. కుడికాలు 20 దాకా ఆయాసం లేకుండా లేచింది. ఎడమకాలు నాలుగోసారికి వణికి ఆగిపోయింది. అలా లేస్తున్నప్పుడు నొప్పి మాత్రం లేదు, పూచికపుల్లంత కూడా. అదే భయం పుట్టించింది. వారం తర్వాత ఒక్కసారి కూడా లేవలేదు. నడుస్తుంటే ఎడమ అడుగు నేలని తన్నడం మానేసి ఊరికే ఈడుస్తోందని ఇంట్లో వాళ్లు గమనించారు.

మొదటి డాక్టరు మూడో వారంలో బలం చూడలేదా అంటే చూశారు. మంచం మీద పడుకోబెట్టి పాదంతో తన చేతిని నెట్టమన్నారు, నెట్టాను, "బలం బాగానే ఉంది" అన్నారు. అప్పటికి నిజంగా బాగానే ఉందేమో కూడా. కానీ పిక్క కండ ఒంటి బరువంతా మోసేది. సగం బలం పోయినా మనిషి చెయ్యి దాన్ని ఓడించలేదు. దాన్ని పరీక్షించాలంటే ఒంటికాలి మీద నిలబెట్టి పదిసార్లు లేపించాలి. అర నిమిషం పని. ఇప్పటికీ ఆ అర నిమిషం తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఇంట్లో నేనే చూసుకోవచ్చని ఎవరూ చెప్పలేదన్నది అంతకంటే పెద్ద బాధ.

రెండో డాక్టరు ముందు అదే చేయించారు. తర్వాత మడమ వెనకాలి స్నాయువు మీద చిన్న సుత్తితో కొట్టారు. కుడి పాదం ఎగిరింది, ఎడమది బొమ్మలా ఉండిపోయింది. "నొప్పి తగ్గిందన్నారు కదా, ఎలా తగ్గింది?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నరం కోలుకుంటుంటే నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి, అలా నడుము వైపు వెనక్కి జరుగుతూ వస్తుందట. స్పర్శా బలమూ నిలబడతాయి లేదా పెరుగుతాయి. నాకు నొప్పి పోయిన చోటల్లా మొద్దుబారుతూ వచ్చింది. సాక్సు వేసుకున్నానో లేదో చిటికెన వేలికి తెలిసేది కాదు.

ఆపరేషన్ ఎప్పుడు అని నేనే అడిగాను. ఆయన చెప్పినదాంట్లో మూడు మెట్లున్నాయి. మొదటిది ఆగకూడనిది. రెండు తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఆ గంటే ఆసుపత్రికి పరిగెత్తాలి. అక్కడ నరాల గుత్తి మొత్తం నలుగుతోందని అర్థం, తెల్లారే దాకా చూద్దామనుకోకూడదు. రెండోది నాది, అంటే రోజురోజుకీ బలం తగ్గుతుండటం. మూడోది మామూలు కేసు, ఆరు నుంచి పన్నెండు వారాలు చూసినా భరించలేని కాలి నొప్పి ఉండటం. ఆ నొప్పి దారీ ఎమ్మారైలో నలిగిన నరమూ ఒకదానికొకటి కలవాలి. కాలి నొప్పి లేకుండా ఉత్త నడుము నొప్పికి ఈ ఆపరేషన్ పెద్దగా పనికిరాదని కూడా ఆయనే చెప్పారు. జారిన డిస్క్‌లు ఏ బాధా లేనివాళ్ల ఎమ్మారైలలోనూ కనిపిస్తాయి కాబట్టి కాగితాన్ని చూసి కోయరు.

మూడో మెట్టు వాళ్ల గురించి నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. 6 నుంచి 12 వారాలుగా నొప్పి ఉన్న 283 మందిని రెండు గుంపులు చేశారు, ఒకటి వెంటనే ఆపరేషన్, ఇంకొకటి ఆగి చూడటం. ఆగిన వాళ్లలో 39 శాతం మంది ఏడాదిలోపు చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. మిగతావాళ్లకి ఆ ఏడాదిలో దాని అవసరం పడలేదు. ముందే చేయించుకున్న గుంపు తొందరగా కోలుకుంది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఒక్కచోటే నిలిచాయి. కాబట్టి వాళ్లకి అది చాలావరకు ఎంత త్వరగా అన్న ప్రశ్న. బలం పోతున్నవాడి లెక్క వేరు.

"బలం తిరిగొస్తుందా?" అన్నాను. "మాట ఇవ్వలేను. ఇంకా పోకుండా ఆపడానికి చేస్తున్నాం" అన్నారాయన. ఆ జవాబుకే నమ్మకం కుదిరింది.

మైక్రోడిస్కెక్టమీ. నడుము మీద మూడు సెంటీమీటర్ల కోత. డిస్క్ మొత్తం తీయరు, నరాన్ని నొక్కుతున్న ముక్కని మాత్రం లాగేస్తారు. మెలకువ వచ్చేసరికి మిగిలిన ఆ కాస్త కాలి నొప్పి కూడా లేదు. ఆ సంతోషంలో ఆరో వారానికి "ముందే ఎందుకు చేయించుకోలేదా అనిపిస్తోంది" అని తెలిసినవాళ్లకి మెసేజ్‌లు పెట్టాను. ఆ మాటని ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి. నొప్పి విషయంలో నిజమే. మిగతాది నెమ్మది. మడమ ఎత్తడం ఆరో వారానికి రెండు, ఆరో నెలకి తొమ్మిది, ఏడాదికి పదిహేను. మూడేళ్లకి పదిహేడు దగ్గర ఆగింది. మడమ సుత్తి దెబ్బకి పాదం ఇప్పటికీ కదలదు. చిటికెన వేలు సగం నిద్రలోనే ఉంటుంది. నలభై నిమిషాలు కదలకుండా కూర్చుంటే నడుము గుర్తుచేస్తుంది. అంతకుముందు అది లేదు. ఎనిమిదో నెలలో ఒకసారి పాత తీగ మళ్లీ లాగింది. మిగిలిన డిస్క్ మళ్లీ జారే అవకాశం కొద్దిమందిలో ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి వణికిపోయాను. రోజుకు రెండుసార్లు మడమ లెక్క చూసుకున్నాను. అంకె తగ్గలేదు, నాలుగు రోజుల్లో నొప్పి పోయింది.

మా ఆఫీసులో ఒకాయనకి ఎమ్మారైలో నాకంటే పెద్ద ముక్క. ఆపరేషన్ లేకుండా నాలుగు నెలల్లో మామూలైపోయాడు. వింతేం కాదు, పూర్తిగా తెగి బయటపడ్డ పెద్ద ముక్కల్నే ఒళ్లు తరచుగా కరిగించేసుకుంటుందట. ఆయన మడమ లెక్క ఎప్పుడూ తగ్గలేదు, నాది తగ్గింది. ఆయన సలహా నాకు, నా సలహా ఆయనకి పనికొచ్చేవి కావు.

ఆపరేషన్‌కి ఎన్ని మార్కులంటే, నిలబడి చేసే ఉద్యోగం నాది, పోతున్నది పిక్క బలం, అప్పటికి పది రోజులు నేనే పాడు చేసుకున్నాను. ఈ మూడూ కలిస్తే పదికి ఎనిమిది. కాలి బలం చెక్కుచెదరకుండా ఉన్న మనిషిని అయ్యుంటే ఇంకో నెల ఆగేవాణ్ణేమో. ఆగినా పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడూ పెడుతున్నాను. పై అరలో పెట్టె దించాలంటే మాత్రం ఇప్పటికీ బరువు కుడికాలి మీదే వేస్తాను.