యమన్ బందిష్ వచ్చింది, ఇక సాధనకు రోజుకు గంటే ఉంది: బోల్ ఆలాపా, తానా?

శ్రమ: బోల్ ఆలాప్‌లో వేగం లేదు కానీ ఓపిక కావాలి. విలంబిత్ ఏక్‌తాల్‌లో మాత్ర నాలుగు సెకన్లనుకుంటే 12 మాత్రల ఆవర్తనం 48 సెకన్లు, అంతసేపూ స్థాయీ మాటలనే విడదీసి మంద్ర నిషాదం దగ్గర మొదలుపెట్టి గాంధారం, పంచమం దాకా మెల్లగా ఎక్కుతూ, చివరికి ముఖ్‌డా అందుకుని సమ్ మీద పడాలి. మన నెరవల్ విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

తాన్‌కు లెక్క కావాలి. ద్రుత్ తీన్‌తాల్‌లో ముఖ్‌డా 9వ మాత్రలో మొదలైతే సమ్ నుంచి మనకున్నవి 8 మాత్రలే, రెట్టింపు వేగంలో 16 స్వరాలు:

నిరిగమ పమగరి గమపమ గరినిస

(మ తీవ్రం.) వెంటనే ముఖ్‌డా.

ప్రమాదం: బోల్ ఆలాప్‌లో తొందరపడి తార షడ్జం ముందే తాకేస్తే అంతరాకు ఏమీ మిగలదు. తాన్‌లో స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రికార్డు చేసి సగం వేగంలో వింటే ఏ స్వరం జారిందో తెలిసిపోతుంది.

రాగం ఇంకా పట్టుబడనివాళ్లు బోల్ ఆలాపే చేయాలని నా గట్టి అభిప్రాయం. రాగం బాగా తెలిసి, పది నిమిషాల్లో ఛోటా ఖయాల్ పాడాల్సినవాళ్లకు తాన్ సాధనే పనికొస్తుంది.