వాట్సాప్ బిజినెస్ క్విక్ రిప్లై: నెట్ సెంటర్‌లో ఏళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో మాది చిన్న నెట్ సెంటర్. మాకొచ్చే మెసేజ్‌లలో చాలావాటికి తలా తోకా ఉండవు. 'పాస్‌పోర్ట్' అని ఒక్క మాట పెట్టి ఊరుకుంటారు. కావాల్సిన పనేంటో మనమే లాగాలి. ఇందుకు వాట్సాప్ బిజినెస్‌లో నాకు బాగా పనికొచ్చింది క్విక్ రిప్లై. `/pp` అని కొడితే ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు వచ్చేస్తాయి.

మొదట్లో గ్రీటింగ్ మెసేజ్‌లోనే మెనూ పెట్టాను: 1 కొత్తది, 2 రీఇష్యూ, 3 పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. అందరూ 1 నొక్కేవాళ్లు. గడువు అయిపోయిన వాళ్లకూ కావాల్సింది 'కొత్త' పాస్‌పోర్టే కదా! ఆఫీసు లెక్కలో మాత్రం అది రీఇష్యూ. అందుకే మెనూ తీసేసి, `/pp`లో రెండే ప్రశ్నలు ఉంచాను: "ఇంతకుముందు పాస్‌పోర్ట్ ఉందా? ఉంటే మొదటి, చివరి పేజీల ఫోటోలు పంపండి. ఏ పనికి, ఎప్పటిలోగా కావాలి?"

చంద్రగిరి వైపు నుంచి ఒకతను అలాగే ఒక్క మాట పెట్టాడు. `/pp` పంపితే ఫోటోలొచ్చాయి. మొదటి పేజీ చూస్తే గడువు ఇంకా ఏళ్లున్నాయి. మరి దేనికి? కాసేపటికి రెండో ప్రశ్నకు జవాబు: "కువైట్ కంపెనీవాళ్లు పోలీస్ సర్టిఫికెట్ అడిగినారన్నా, పాస్‌పోర్ట్ ఆఫీసులోనే ఇస్తారంట." అంటే కావాల్సింది పీసీసీ. దానికి ఫీజు 500, మామూలు 36 పేజీల పాస్‌పోర్ట్‌కైతే 1500. కట్టాక వెనక్కి రాదు. చివరి పేజీలో ఉన్నది పాత ఊరి అడ్రస్. అతనిప్పుడు ఉండేది తిరుపతిలో. పోలీసులు విచారణకు వచ్చేది ఇప్పుడున్న చోటికి కాబట్టి, స్లాట్ బుక్ చేయకముందే ఇక్కడి అడ్రస్ ప్రూఫ్ తెప్పించుకున్నాను.

'ఇన్‌కం' అని వస్తే `/ic`లో ఒకటే అడుగుతాను: ఎక్కడ ఇవ్వాలి? ఓసీల్లోని పేదల కోటా సీటుకని చెప్తే వాళ్లకు కావాల్సింది ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. తహసీల్దారే ఇచ్చినా, మామూలు ఆదాయ ధ్రువపత్రం అక్కడ చెల్లదు.

గ్రీటింగ్‌ను మాత్రం నమ్ముకోకండి. కొత్తవాళ్లకు, లేదంటే 14 రోజులు మాటల్లేని వాళ్లకే పోతుంది. నిన్న పాస్‌పోర్ట్ పని చేయించుకున్నతను ఇవాళ 'ఇన్‌కం' అంటే, మనమే `/ic` కొట్టాల్సిందే. చాట్‌లకు తగిలించే లేబుళ్లు మాత్రం హాయి. 'ఫోటో రావాలి' అనే లేబుల్ పొద్దున్నే తెరిస్తే ఎవరి పని ఎక్కడ ఆగిందో కనబడుతుంది.

వాయిస్ మెసేజ్‌లు పంపే పెద్దవాళ్ల దగ్గర ఇవేవీ పనిచేయవు. ప్రశ్నలు పంపితే చదవరు. వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను.