ఐడీ బ్లాక్ అయితే మన చేతిలో ఏం మిగులుతుంది? కర్నూలులో నాలుగేళ్ల డెలివరీ పని తర్వాత నా సమీక్ష

కర్నూలులో ఒక ఫుడ్ డెలివరీ యాప్‌కు నాలుగేళ్లకు పైగా బండి నడుపుతున్నాను. రాజ్‌విహార్, సి క్యాంప్, నంద్యాల చెక్‌పోస్ట్, గాయత్రీ ఎస్టేట్స్ చుట్టూ నా తిరుగుడంతా. డబ్బులు ఎంత వస్తాయి, ఇన్సెంటివ్ ఎలా లెక్కేస్తారు అన్నవి పనిలో చేరిన నెలలోనే అందరికీ తెలిసిపోతాయి. ఐడీ, అంటే యాప్‌లో మన లాగిన్ ఖాతా, బ్లాక్ అయితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి ఈ సమీక్ష ఆ ఒక్క విషయం మీదే.

నా సంగతి చెప్తాను. ఒక ఆదివారం రాత్రి గాయత్రీ ఎస్టేట్స్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌కు క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ ఇచ్చి వచ్చాను. పొద్దున లాగిన్ అవుదామంటే ఐడీ ఆగిపోయిందని స్క్రీన్ మీద చూపించింది. కారణం కింద 'మోసపూరిత చర్య' అన్న ఒక్క ముక్క ఉంది. ఏ ఆర్డర్, ఎవరు ఫిర్యాదు చేశారు అన్నది లేదు. ఆర్డర్ హిస్టరీ, మనకొచ్చే డబ్బు లెక్క చూపే పేఅవుట్ పేజీ, సపోర్ట్‌కు పెట్టిన పాత ఫిర్యాదుల టికెట్లు అన్నీ ఆ యాప్‌లోనే ఉంటాయి. ఐడీ పోతే వాటికీ తాళం పడుతుంది. నా వైపు రుజువులన్నీ అవతలి వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే.

సపోర్ట్ చాట్‌లో ఒకే జవాబు మళ్లీ మళ్లీ వచ్చింది. మా టీమ్ లీడర్, అదే టీఎల్‌కు ఫోన్ చేస్తే, ఫిర్యాదు ఏ ఆర్డర్ మీద వచ్చిందో మాత్రం చెప్పగలిగాడు. కస్టమర్ భోజనం అందలేదన్నారట, డబ్బు కూడా ఇవ్వలేదన్నారట. ఐడీ తెరిచే అధికారం తనకు లేదని టీఎల్ ఉన్నమాట చెప్పేశాడు. చాలామంది రైడర్లు ఇక్కడే నెల రోజులు పోగొట్టుకుంటారు. టీఎల్ చుట్టూ తిరుగుతారు గానీ ఏ మెయిల్‌కూ ఏమీ రాసి పంపరు.

నన్ను కాపాడింది ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరున్న రిజిస్టర్. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరి పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము గీతలు కొట్టిన లాంగ్‌బుక్‌లో రాయిస్తాడాయన. "నీ సంతకం ఉంది కదన్నా, ఫోటో తీసుకో" అని పేజీ తెరిచి పెట్టాడు. ఆ ఫోటో, కస్టమర్‌కు చేసిన కాల్ లాగ్, ఆ రాత్రే క్యాష్ కంపెనీకి జమ చేసినప్పుడు ఆ లావాదేవీకి వచ్చిన యూటీఆర్ నంబరు, ఈ మూడూ కలిపి కంపెనీ వెబ్‌సైట్ అడుగున ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్‌కు పంపాను. ఆ మెయిల్ ఐడీ పెట్టింది కస్టమర్ల కోసం. అయినా చాట్ కంటే అక్కడే మనిషి చదువుతాడని నా అనుభవం. ఆర్డర్ నంబరు, తేదీ, టైము, ఏం జరిగింది, నాకేం కావాలి అన్నవి పది వాక్యాల్లోపే రాశాను. రెండో వారంలో ఐడీ తెరిచారు. మధ్యలో పోయిన సంపాదనకు ఏమీ ఇవ్వలేదు, క్షమాపణ కూడా లేదు.

క్యాష్ గురించి ఇంకొక మాట. ఐడీ బ్లాక్ అయ్యేసరికి చేతిలో కంపెనీ క్యాష్ ఉంటే, కోపంతో దాన్ని పట్టుకుని కూర్చోవద్దు. "నా పేఅవుట్ వేస్తేనే కడతా" అనాలనిపించడం సహజమే. కానీ అప్పటిదాకా తప్పు వాళ్లది. డబ్బు ఆపుకున్న రోజు నుంచి నమ్మకద్రోహం కేసు పెట్టే అవకాశం వాళ్లకు దొరుకుతుంది. కట్టేసి, యూటీఆర్ దాచుకుని, తర్వాత పేఅవుట్ అడగాలి.

ఇక చట్టం. సామాజిక భద్రతా కోడ్ 2020 అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ అన్న మాటలు మన చట్టంలోకి వచ్చింది దానితోనే. కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత కోసం కట్టాలి. వర్కర్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకూడదన్న పరిమితి దానికి ఉంది. బీమా, ఆరోగ్యం, వృద్ధాప్యం లాంటి పథకాలకు అది పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు తప్పకుండా నమోదు చేసుకోండి. కానీ ఐడీని ఉన్నట్టుండి తీసేయకూడదని ఆ కోడ్‌లో ఎక్కడా లేదు. ఈ తేడా తెలియక, కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇక తీసేయలేరని మా దగ్గర చాలామంది నమ్ముతున్నారు.

కర్ణాటకలో పరిస్థితి వేరు. అక్కడ 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల చట్టం ప్రకారం, రాతపూర్వకంగా సరైన కారణం చూపి, 14 రోజుల ముందు నోటీసు ఇచ్చాకే తొలగించాలి. ఏయే కారణాలకు తొలగిస్తారో కాంట్రాక్టులోనే రాయాలి. అంటే బళ్లారిలో బండి నడిపే రైడర్‌కు ఉన్న హక్కు ఆదోనిలో నడిపే రైడర్‌కు లేదు. యాప్ ఒకటే, బ్యాగు ఒకటే, వానలో తడిసేదీ ఒకేలా. నోటీసు అడిగే హక్కు మాత్రం రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోతోంది. మన రాష్ట్రానికి కూడా ఆ 14 రోజుల నిబంధన కావాలి. అది ఉండుంటే నేను ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో బండి నడుపుతూనే నా రుజువులు చూపించేవాడిని.

కోర్టుకు వెళ్తే ఐడీ తిరిగి వస్తుందా అని అడుగుతుంటారు. రావడం చాలా కష్టం. మనం చేరేటప్పుడు టిక్ పెట్టిన కాంట్రాక్టులో, ఎప్పుడైనా ముగించవచ్చు అని ఉంటుంది. అలాంటి కాంట్రాక్టును కొనసాగించమని సివిల్ కోర్టులు సాధారణంగా ఆదేశించవు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం అందుకు అడ్డు. రావాల్సిన డబ్బు సంగతి అలా కాదు. చేసిన పనికి రావాల్సిన పేఅవుట్ మన హక్కు, ఐడీ ఉన్నా లేకున్నా.

మా జోన్‌లో ఒక తమ్ముడి ఐడీ శాశ్వతంగా పోయింది, వారం పేఅవుట్ కూడా ఆగింది. అతను జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చాడు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టించే పద్ధతి అది, ఫీజు లేదు. కంపెనీకి నోటీసు వెళ్లింది, కొన్నాళ్లకు డబ్బు ఖాతాలో పడింది. ఐడీ రాలేదు. అవతలివాళ్లు రాజీకి రాకపోతే అక్కడ తీర్పు ఉండదు, ఆ పద్ధతికి ఉన్న హద్దు అది. రాజీ కుదిరితే మాత్రం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఇలాంటి సలహాకు 15100 నంబరుకు కూడా ఫోన్ చేయొచ్చు.

ఆ తమ్ముడి అర్జీ నిలబడడానికి కారణం, ప్రతి వారం పేఅవుట్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో వాళ్ల వాట్సాప్‌కు పంపే అలవాటు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కంపెనీ పేరుతో పడిన జమలు, టీడీఎస్ కోసి ఉంటే ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో కనిపించే వివరాలు దానికి తోడయ్యాయి. ఇవన్నీ యాప్ బయట ఉండే రుజువులు, ఐడీ పోయినా మన దగ్గరే ఉంటాయి.

డబ్బు టైముకు వేయడంలో ఈ యాప్‌కు మంచి మార్కులే వేస్తాను. ఐడీ తీసేసే పద్ధతికి మాత్రం ఒక్క మార్కు కూడా వేయలేను. బండి ఈఎంఐ, ఇంటి అద్దె రెండూ ఈ ఒక్క ఐడీ మీదే పెట్టుకోవాలనుకునే వాళ్లు, రెండో యాప్‌లో కూడా ఐడీ తీసుకుని వారానికి కొన్ని ఆర్డర్లైనా అందులో చేస్తూ ఉండండి. నేను ఇప్పుడు అలాగే నడుపుతున్నాను.